అపోహలు - వాస్తవాలు: ఫోను స్టోరేజీని మింగే ‘సిస్టమ్’, ‘ఇతర ఫైళ్లు’

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. మొన్న పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చారు. ఆయనది 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోను. ఫొటో తీయబోతే చోటు లేదంటోంది. స్టోరేజీ తెర తెరిచి నా ముందు పెట్టారు: యాప్‌లు 13, వీడియోలు 8, ఫొటోలు 6, ఆడియో 1, ఇతర ఫైళ్లు 14, సిస్టమ్ 19. మొత్తం 61 జీబీ. “నేను దాచుకున్నవన్నీ కలిపినా సగం లేవండి. మిగతాది ఎవరు తింటున్నారు?” అన్నారు. ఆయన ఫోను చూస్తూనే ఈ నాలుగు అపోహల సంగతి చెబుతాను.

అపోహ: సిస్టమ్ ఇంత ఉందంటే వైరస్ చేరినట్టే.

వాస్తవం: చాలా ఫోన్లలో ‘సిస్టమ్’ అంకె తూచి చెప్పింది కాదు, తీసివేతలో మిగిలింది. డబ్బా మీద రాసిన 64లోంచి మన వాడకానికి వదిలిన భాగాన్ని తీసేస్తే మిగిలేదంతా ఆ పద్దులో పడుతుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, రికవరీ లాంటి విడి భాగాలుంటాయి. లెక్కల తేడా కూడా ఉంటుంది. కంపెనీ 64 జీబీ అంటే 6,400 కోట్ల బైట్లు. వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తే అది 59.6 మాత్రమే. ఈ తేడాను కూడా కొన్ని ఫోన్లు సిస్టమ్ ఖాతాలోనే రాస్తాయి. అప్‌డేట్ దిగి, రీస్టార్ట్ చేయకుండా ఉంటే కొన్నాళ్లు చోటు ఇంకా తగ్గి కనిపించవచ్చు. అందుకే ముందు ఫోను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడమంటాను.

అపోహ: ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ 19 ఖాళీ అవుతుంది.

వాస్తవం: అవదు. రీసెట్ మన డేటా ఉన్న భాగాన్నే తుడుస్తుంది.

అపోహ: ఇతర ఫైళ్లంటే చెత్త. క్లీనర్ యాప్ వేస్తే పోతుంది.

వాస్తవం: ఫొటో, వీడియో, పాట, యాప్ అని ఫోను పోల్చుకోలేని ప్రతిదీ ఈ గంపలో పడుతుంది. అందులో చెత్త ఉండవచ్చు, ప్రాణప్రదమైనదీ ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ సొంత ఫోల్డర్లోకి ఇంకో యాప్ తొంగిచూసే వీలు బాగా తగ్గింది. క్లీనర్ చేసే పని కొంచెం, తినే చోటు అదనం. నేనైతే ఫైల్ మేనేజర్ తెరిచి, దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టి, ఒక్కో ఫోల్డర్ సైజు చూస్తాను.

వ్యాపారి ఫోనులో మొదట దొరికింది ఇది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

వాట్సాప్ రోజూ తెల్లవారుజామున మాటలన్నీ ఒక ఫైలుగా కట్టి ఇక్కడ పెడుతుంది, గత వారం రోజులవి దాచి ఉంచుతుంది. ఈయన ధరల గ్రూపులు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒక్కో ఫైలు 0.7 జీబీ, తాజాదానితో కలిపి మొత్తం ఎనిమిది: 5.6 జీబీ. తర్వాత `WhatsApp Video` లోపలి `Sent` ఫోల్డర్లో 4.3 జీబీ. సరుకు చూపిస్తూ ఆయన పంపిన వీడియోల నకళ్లు అవి. ఆ ఫోల్డర్లో `.nomedia` అనే చిన్న ఫైలు ఉంటుంది. గ్యాలరీ దాన్ని చూసి లోపలికి పోదు, అందుకే అవి వీడియోల పద్దులోకి రాలేదు. పాత ఫోను నుంచి తెచ్చుకున్న బ్యాకప్ ఫైలు ఒకటి 3.4. ఇవన్నీ కలిపితే 13.3, అంటే 14లో దాదాపు అంతా తేలిపోయింది.

అపోహ: పేరు తెలియని ఫైలు కనిపిస్తే తీసేయవచ్చు.

వాస్తవం: `Databases` ఫోల్డర్లో పేరులో తేదీ లేని `msgstore.db.crypt14` (కొన్ని ఫోన్లలో `crypt15`) అన్నింటికంటే కొత్తది. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ లేకుండా దాన్ని తీసేసి, ఆ తర్వాత వాట్సాప్ మళ్లీ వేయాల్సి వస్తే తాజా మాటలు పోవచ్చు. అందుకే దాన్నీ, దానికి ముందు రోజుదాన్నీ ఉంచి, మిగతా ఆరూ తీశాను. `Sent` వీడియోల అసళ్లు గ్యాలరీలో ఉన్నాయని ఆయన చూసుకున్నాకే వాటి జోలికి వెళ్లాను. పాత బ్యాకప్ తెరిపించి, అందులోవన్నీ కొత్త ఫోనులోకి వచ్చాయని నిర్ధారించుకుని అదీ తీసేశాం. మొత్తం 11.9 జీబీ తిరిగి వచ్చింది.

అయితే ఊరుకుంటే వారం తిరిగేసరికి ఆ ఎనిమిది ఫైళ్లూ మళ్లీ తయారవుతాయి. అందుకని అక్కరలేని గ్రూపుల చాట్‌లు ఖాళీ చేసి, మర్నాటి ఫైలు సైజు తగ్గిందో లేదో చూడమన్నాను. వెళ్లబోతూ తెర మళ్లీ చూశారు. “మరి ఆ 19 అలాగే ఉందేమిటండీ?”

“ఉంటుందండి. 128 జీబీ ఫోను కొన్నా దానికీ ఒక సిస్టమ్ పద్దు ఉంటుంది,” అన్నాను.