బ్రౌజర్‌కు ముందే చెప్పాల్సిన వెడల్పు: srcset వెనుక కథ

2010 జూన్‌లో ఐఫోన్ 4 వచ్చేదాకా వెబ్ పేజీలో పిక్సెల్ అంటే తెర మీది పిక్సెలే అనుకుంటే పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు. ఆ ఫోన్‌తో ఆ లెక్క తప్పింది. తెర సైజు పాత ఐఫోన్‌దే అయినా, 320×480 చుక్కలున్న చోట 640×960 చుక్కలు వచ్చాయి. ఆపిల్ దీనికి రెటీనా తెర అని పేరు పెట్టింది. పాత సైట్లు చీమంత చిన్నవిగా కనిపించకుండా, పేజీకి మాత్రం వెడల్పు 320 అనే చెప్పడం కొనసాగింది. అంటే ఒక్కో సీఎస్ఎస్ పిక్సెల్ వెనుక అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు అసలు చుక్కలు. అక్షరాలను ఫోన్ తానే గీస్తుంది కాబట్టి అవి పదునుగా వచ్చాయి. ఫొటోలు మాత్రం 320 చుక్కల సమాచారాన్ని 640కి సాగదీసినట్టు మసకగా కనిపించాయి.

మొదట దొరికిన మందు సులువైనదే: రెట్టింపు వెడల్పున్న ఫైల్ పెట్టి, సీఎస్ఎస్‌లో సగం వెడల్పు ఇవ్వడం. పదును వచ్చింది. కానీ మామూలు తెర ఉన్నవాళ్లు కూడా నాలుగు రెట్ల పిక్సెళ్లు దించుకోవాల్సి వచ్చింది. కొందరు ఇంకో కిటుకు పట్టారు. పెద్ద ఫొటోను బాగా తక్కువ నాణ్యతతో సేవ్ చేస్తే ఫైల్ చిన్నదవుతుంది, తెర మీద కుదించి చూపినప్పుడు ఆ లోపాలు కనబడవు. ఇది నిజంగానే పనిచేస్తుంది, కానీ ఫైల్ ఎంత చిన్నదైనా విప్పాక మెమరీలో తేడా ఉండదు. 1000×750 ఫొటో ఏ నాణ్యతలో సేవ్ చేసినా, ఫోన్ మెమరీలో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 3 ఎంబీ తింటుంది.

రెండు సైజులూ సర్వర్‌లో ఉంచి, తెరను చూసి తగినదాన్ని స్క్రిప్ట్‌తో మార్చడం తర్వాతి ఆలోచన. అసలు చిక్కు ఇక్కడే బయటపడింది. 2008, 2009 ప్రాంతం నుంచి బ్రౌజర్లు పేజీని పూర్తిగా చదివేలోపే హెచ్‌టీఎంఎల్‌ను ముందుగా ఒకసారి గాలించి, అందులో కనిపించిన ఫైళ్లను దించడం మొదలుపెట్టేవి. పేజీలు వేగంగా తెరుచుకోవడానికి అది పెద్ద కారణం, ఎవరూ వదులుకోవడానికి సిద్ధంగా లేరు. స్క్రిప్ట్ నిద్ర లేచి 'ఇది రెటీనా తెర' అని కనుక్కునే సరికి src లోని చిన్న ఫైల్ అప్పటికే దారిలో ఉంటుంది. తర్వాత పెద్దదీ దిగుతుంది. 2012లో రెటీనా ఐపాడ్ వచ్చినప్పుడు ఆపిల్ సొంత సైట్‌లోనే ఇలా ఒకే బొమ్మ రెండుసార్లు దిగింది. 2011లో బోస్టన్ గ్లోబ్ పత్రిక సైట్‌ను రెస్పాన్సివ్‌గా, అంటే తెర వెడల్పును బట్టి సర్దుకునేలా, మార్చిన బృందం కూడా ఇలాంటి స్క్రిప్ట్ ఉపాయంతోనే వెళ్లి, ఈ ముందస్తు గాలింపుకే తలొగ్గింది.

కాబట్టి బ్రౌజర్ గాలించే ఆ క్షణానికే, హెచ్‌టీఎంఎల్‌లోనే, సమాచారమంతా ఉండాలి. ఈ మాట మీద అందరూ ఏకమయ్యారు కానీ రాత మీద కాలేదు. 2012 ఆరంభంలో, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ కింద ఏర్పడిన రెస్పాన్సివ్ ఇమేజెస్ కమ్యూనిటీ గ్రూప్ picture అనే ఎలిమెంట్ కావాలంది. అదే ఏడాది మే నెలలో ఆపిల్‌కు చెందిన ఎడ్వర్డ్ ఒకానర్ srcset అనే యాట్రిబ్యూట్ ప్రతిపాదించగా, హెచ్‌టీఎంఎల్ స్పెసిఫికేషన్ ఎడిటర్ ఇయాన్ హిక్సన్ దాన్ని కొద్ది రోజుల్లోనే చేర్చేశారు. నెలల తరబడి picture మీద పనిచేసినవాళ్లు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం, అయితే ఆ గొడవ వల్లే రెండూ మెరుగుపడ్డాయి. చివరికి రెండూ నిలిచాయి. చిన్న తెరకు ఫొటోను వేరేలా కత్తిరించాలంటే picture, అదే ఫొటోకు వేర్వేరు సైజులంటే srcset.

srcset తొలి రూపంలో 1x, 2x గుర్తులు సాంద్రతను, అంటే ఒక్కో సీఎస్ఎస్ పిక్సెల్‌కు అడ్డంగా ఎన్ని చుక్కలో, చెప్పేవి. తెర ఎంతున్నా ఒకే వెడల్పులో కనిపించే లోగోకు ఇప్పటికీ అవి చాలు. తెరతోపాటు సాగే ఫొటోకు చాలవు. అందుకే w గుర్తు అర్థాన్ని మార్చారు. మొదట్లో అది తెర వెడల్పుకు సంబంధించినది, ఇప్పుడు ఆ ఫైల్ అసలు వెడల్పు. దానికి జతగా sizes వచ్చింది: ఈ ఫొటో పేజీలో ఎంత వెడల్పులో కనబడుతుందో అది చెబుతుంది. ఫలానా తెరకు ఫలానా ఫైల్ అని మనం నిర్ణయించడం ఆగిపోయింది. కొలతలు మనవి, ఎంపిక బ్రౌజర్‌ది. క్రోమ్‌లో ఇది 2014 అక్టోబర్‌లో, 38వ వెర్షన్‌తో అందుబాటులోకి వచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫోన్ తెర 360 సీఎస్ఎస్ పిక్సెళ్లు, సాంద్రత 3. ఫొటోలు రెండు నిలువు వరుసల గ్రిడ్‌లో ఉన్నాయి, రెండు అంచుల్లోనూ మధ్యలోనూ 16 పిక్సెళ్ల చొప్పున ఖాళీ. 360 లోంచి 48 తీసేసి సగం చేస్తే ఒక్కో ఫొటోకు 156.

```html
<img src="p-500.jpg"
  srcset="p-500.jpg 500w,
          p-1000.jpg 1000w,
          p-1500.jpg 1500w"
  sizes="calc((100vw - 48px) / 2)"
  alt="">
```

156ని 3తో గుణిస్తే 468. 500 ఫైల్ సరిగ్గా సరిపోతుంది, బ్రౌజర్ దాన్నే తీసుకుంటుంది. ఇప్పుడు sizes లైన్ తీసేయండి. ఫొటో తెరంతా ఉంటుందని బ్రౌజర్ అనుకుంటుంది, ఎందుకంటే సీఎస్ఎస్ ఇంకా రాలేదు, గ్రిడ్ సంగతి దానికి తెలియదు. 360ని 3తో గుణిస్తే 1080 కాబట్టి, దానికి దగ్గరగా ఉన్న 1000 ఫైల్‌ను క్రోమ్ దించుతుంది. కావాల్సినదానికి నాలుగు రెట్ల పిక్సెళ్లు. కంటికి తేడా ఏమీ కనబడదు కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. sizesలో శాతాలు రాయనివ్వకపోవడానికీ ఇదే కారణం: శాతం అంటే దేనిలో శాతమో లేఅవుట్ అయ్యాకగానీ తెలియదు, vw మాత్రం తెర వెడల్పుతోనే తేలిపోతుంది.

పట్టుకోవడం కష్టమేం కాదు. ఇన్‌స్పెక్టర్‌లో ఆ ఫొటోను ఎంచుకుని కన్సోల్‌లో ఇది అడిగితే చాలు.

```js
[$0.currentSrc, $0.clientWidth * devicePixelRatio]
```

దిగిన ఫైల్ పేరు, కావాల్సిన పిక్సెళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పరీక్షించేముందు క్యాష్ ఆపాలి. పెద్ద ఫైల్ ఒకసారి దిగి ఉంటే క్రోమ్ చిన్నదాని కోసం మళ్లీ వెళ్లదు, దాంతో మీరు సరిదిద్దినా సరికానట్టే కనిపిస్తుంది. ఫైల్ పేరు సరిగ్గానే ఉండి ఫొటో మసకగా ఉంటే, తయారీలోనే తేడా ఉందన్నమాట. 600 వెడల్పున్న ఒరిజినల్‌ను 1500కి పెంచి 1500w అని రాస్తే బ్రౌజర్ నమ్ముతుంది, చూసేవాళ్ల కన్ను నమ్మదు. ఒరిజినల్ వెడల్పు ఎంతుందో అక్కడితోనే జాబితా ఆగాలి.

2015 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 4.4 ఈ రెండు యాట్రిబ్యూట్లనూ తనంతట తానే రాయడం మొదలుపెట్టడంతో srcset ఒక్కసారిగా లెక్కలేనన్ని సైట్లకు చేరింది. ఫైళ్ల వెడల్పులు దానికి ఖాయంగా తెలుసు, జాబితా బాగానే వస్తుంది. థీమ్ ఆ ఫొటోను ఎక్కడ ఎంతలో పెడుతుందో మాత్రం తెలియదు. 1024 వెడల్పు ఫొటోకు అది అప్పట్లో రాసిన `(max-width: 1024px) 100vw, 1024px` ఒక మర్యాదపూర్వకమైన ఊహ మాత్రమే. పై గ్రిడ్‌లో పెడితే sizes లేనట్టే లెక్క. థీమ్ రాసేవాళ్లు ఫిల్టర్‌తో దాన్ని మార్చుకునే వీలుంది, మార్చేవాళ్లే తక్కువ.

2024లో క్రోమ్ `sizes="auto"` తెచ్చింది. లేఅవుట్ అయ్యాక బ్రౌజరే వెడల్పు కొలుచుకుంటుంది. అయితే `loading="lazy"` ఉన్న ఫొటోలకే ఇది వర్తిస్తుంది, ఎందుకంటే అవి లేఅవుట్ అయ్యేదాకా ఆగగలవు. పేజీ తెరవగానే పైన కనిపించే పెద్ద ఫొటోను అలా ఆపితే ఆలస్యమవుతుంది. అది ముందస్తు గాలింపులోనే దిగాలి, దాని sizes ఇప్పటికీ చేత్తోనే రాయాలి.