భాగస్వామి దివాలా తీస్తే లోటు ఎవరి మీద పడుతుంది? అపోహలు – వాస్తవాలు

మిర్యాలగూడలో అన్న, తమ్ముడు, బామ్మర్ది కలిసి నడుపుతున్న ఒక బాయిల్డ్ రైస్ మిల్లు మూతపడిందనుకుందాం. లాభనష్టాలు ముగ్గురికీ సమానం. ఖాతాల్లో అన్న మూలధనం 12 లక్షలు, తమ్ముడిది 6 లక్షలు, బామ్మర్దిది 1 లక్ష. సాధారణ రిజర్వు 3 లక్షలు, ధాన్యం తెచ్చిన వ్యాపారులకు బాకీ 5 లక్షలు. ఆస్తుల్లో నగదు 1 లక్ష. మిగతావి పుస్తకాల ప్రకారం 26 లక్షలు, అమ్మితే వచ్చింది 14 లక్షలే. అంటే నష్టం 12 లక్షలు. బామ్మర్దిని కోర్టు దివాలాదారుగా ప్రకటించింది, అతని సొంత ఆస్తి నుంచి పైసా రాలేదు.

అపోహ: లోటు కూడా నష్టమే కాబట్టి లాభనష్టాల నిష్పత్తిలోనే పంచాలి.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు నష్టాలున్నాయి. ఆస్తులు తక్కువకు అమ్ముడైనందున వచ్చిన 12 లక్షలు సంస్థ నష్టం. అది లాభనష్టాల నిష్పత్తిలో తలా 4 లక్షలు పడుతుంది, బామ్మర్ది ఖాతాలో కూడా. రెండోది, తన వాటా కట్టలేక అతను మిగిల్చిన లోటు. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే దాన్ని మిగతా ఇద్దరూ తమ మూలధనాల నిష్పత్తిలో భరించాలి. ఈ సూత్రం 1904లో ఇంగ్లండులో గార్నర్ వర్సెస్ ముర్రే తీర్పుతో వచ్చింది. మన 1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్ లెక్కల పరిష్కార క్రమం చెబుతుంది కానీ దివాలా భాగస్వామి లోటు గురించి విడిగా చెప్పదు. అందుకే మన దగ్గర కూడా ఈ తీర్పునే అనుసరిస్తారు.

అపోహ: మూలధనాల నిష్పత్తి అంటే ఖాతాలో చివరికి మిగిలిన నిల్వల నిష్పత్తి.

వాస్తవం: ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. చూడాల్సింది రద్దుకు ముందున్న మూలధనం. ఆస్తుల అమ్మకపు నష్టం దానిలోంచి తీసేయకూడదు.

మూలధనాలు ఏటా మారేవైతే ముందు రిజర్వు, పంచని లాభాలు, సొంత వాడకాలు సర్దాలి. రిజర్వులో తలా లక్ష కలిపితే అన్నకు 13, తమ్ముడికి 7, బామ్మర్దికి 2 లక్షలు. నిష్పత్తి 13:7. ఆ తర్వాతే నష్టం వేయాలి. బామ్మర్ది ఖాతా 2 లక్షల డెబిట్‌లోకి వెళ్తుంది. ఆ లోటులో అన్నకు 1,30,000, తమ్ముడికి 70,000 పడతాయి.

నష్టం వేశాక మిగిలిన 9, 3 లక్షలు చూసి 3:1గా పంచితే అన్న మీద 1,50,000 పడుతుంది. ఇరవై వేల తేడాతో బంధుత్వాలు తెగుతాయి. ఒప్పందపత్రంలో స్థిర మూలధనం అని ఉంటే రిజర్వు వాటా కరెంటు ఖాతాకు పోతుంది, నిష్పత్తి 12:6 అవుతుంది, అన్న వాటా 1,33,333. కాబట్టి క్యాలిక్యులేటర్ కన్నా ముందు ఒప్పందపత్రం తెరవాలి.

అపోహ: ఇద్దరూ తలా 4 లక్షల నగదు తెచ్చి పెట్టాలి, లేకపోతే లెక్క చెల్లదు.

వాస్తవం: తీర్పు ప్రకారం తమ వంతు నష్టాన్ని నగదుగా తెచ్చినట్లు రాయాలి. ఇద్దరికీ తిరిగి రావాల్సిన సొమ్ము ఉన్నప్పుడు అది ఆచరణలో పుస్తకపు ఎంట్రీగానే మిగులుతుంది. సరిచూసుకోండి: నగదు 1, అమ్మకాలు 14, మొత్తం 15 లక్షలు. వ్యాపారులకు 5 పోగా 10. ఇద్దరూ తెచ్చిన 8 కలిపితే 18. అన్నకు 13 – 1.3 = 11.7, తమ్ముడికి 7 – 0.7 = 6.3. నగదు ఖాతా సున్నా. తెచ్చినది తీసేస్తే చేతికొచ్చేది 7,70,000, 2,30,000. రెండు దారుల్లోనూ ఫలితం ఒకటే. నష్టం వేశాక ఖాతా డెబిట్‌లోకి వెళ్లిన భాగస్వామి మాత్రం నిజంగానే డబ్బు తేవాలి.

అపోహ: ఆస్తిపరుడైన ప్రతి భాగస్వామీ లోటు మోయాల్సిందే.

వాస్తవం: రద్దుకు ముందే మూలధనం లేనివాడు, లేదా డెబిట్ నిల్వ ఉన్నవాడు, బయట ఎంత ఆస్తి ఉన్నా ఈ లోటులో వాటా మోయడు. తన సొంత బాకీ, అమ్మకపు నష్టంలో తన వంతు కడితే చాలు. ఎక్కువ పెట్టుబడి పెట్టినవాడే ఎక్కువ మునగడం మాకు న్యాయంగా తోచదు. కానీ నియమం అదే. పనిమీద చేరిన భాగస్వాములున్న సంస్థలు “దివాలా లోటును లాభనష్టాల నిష్పత్తిలో భరించాలి” అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో రాసుకుంటే ఈ చిక్కు రాదు.

అపోహ: ఐపీ పెట్టగానే లోటు పంచేయొచ్చు.

వాస్తవం: పిటిషన్ వేయడం వేరు, కోర్టు దివాలాదారుగా ప్రకటించడం వేరు. “నా దగ్గర లేవు” అన్నంత మాత్రాన కూడా లోటు కాదు, అది వసూలు చేయాల్సిన బాకీ. అతని ఆస్తి నుంచి ఏమైనా వస్తే ముందు అతని ఖాతాకే జమ చేయాలి. 50,000 వచ్చి ఉంటే పంచాల్సింది 1,50,000 మాత్రమే: 97,500, 52,500. లెక్కలు మూసేశాక వచ్చినా ఆ సొమ్మును అదే 13:7లో పంచుకోవాలి.

ఈ పంపకం భాగస్వాముల మధ్యనే. ఆస్తులు చాలక వ్యాపారుల బాకీ మిగిలితే, వాళ్లు మొత్తం సొమ్ము అన్న ఒక్కడినే అడగొచ్చు. 25వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. నిష్పత్తి చూపించి వాళ్లను ఆపలేరు.