రీలు ఫోటో చూసి అదే దారం తేవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: రీలు మీద పెద్దగా కనిపించే అంకె రంగు సంఖ్యే.

వాస్తవం: రీలు చివర అంటించిన చిట్టీ మీద దారం మందం, పొడవు, రంగును తెలిపే షేడ్ సంఖ్య కలిసే ఉంటాయి. ముదురు ఆకుపచ్చ కోటు జేబు అంచు ఊడిపోయిందని ఒకరు రీలు ఫోటో పంపి, తమకు 120వ నంబరు రంగు కావాలని అడిగారు. ఆ 120 మందాన్ని తెలిపే టికెట్ సంఖ్య; అది పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పక్కనున్న 100 పొడవు, మీటర్లలో. షేడ్ సంఖ్య రెండో చివరన ఉంటుందేమోనని రెండు చివరలనూ ఫోటో తీయించాను. ఆ చిట్టీ సగం చిరిగి, కంపెనీ పేరూ షేడ్‌లోని మొదటి రెండంకెలూ మాత్రమే మిగిలాయి. ఆ కంపెనీ దారాల రంగులు చూపే షేడ్ కార్డులో ఆ రెండంకెలతో మొదలయ్యే ఆకుపచ్చలు మూడే ఉండడంతో వెతుకులాట తేలికైంది.

అపోహ: చిట్టీ లేకపోయినా రీలు ఆకారాన్ని బట్టి కంపెనీని చెప్పవచ్చు.

వాస్తవం: ఒకే రకం ప్లాస్టిక్ రీళ్లు చాలామంది వాడతారు, ఖాళీ రీలుకు ఇంట్లో మరో దారం చుట్టుకోవడమూ మామూలే. కంపెనీ తెలియకుండా సంఖ్య ఒక్కటే తెలిస్తే ప్రయోజనం లేదు. ఎంబ్రాయిడరీ దారాల్లో నలుపు డీఎంసీలో 310 అయితే యాంకర్‌లో 403. ఒక కంపెనీ సంఖ్యకు మరో కంపెనీ సంఖ్యను చూపే పట్టికలు దగ్గరి రంగునే ఇస్తాయి తప్ప అదే రంగును కాదు.

అపోహ: అసలు రీలు దొరికితే రంగు కలిసినట్లే.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఇదే. రీలు పెట్టెలో చీకటిలో ఉండిపోతుంది, బట్ట మాత్రం ఉతుకులకూ ఎండకూ వెలుస్తుంది. కాబట్టి రంగు కలపవలసింది బట్టతో. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగులను తనంతట తానే సవరిస్తుంది గనుక, తెల్లకాగితం పక్కన పెట్టి కిటికీ వెలుతురులో తీసిన ఫోటో కూడా ఎంపికను కుదించడానికే పనికొస్తుంది.

పొరలుగా చుట్టి ఉన్న దారం రీలు మీద ముదురుగా కనిపిస్తుంది, ఒంటి పోగుగా కుట్టినప్పుడు తేలికపడుతుంది. అందుకే ఒక్క పోగును లాగి బట్ట మీద పరిచి చూస్తాను, రెండు షేడ్‌ల మధ్య తేల్చుకోలేనప్పుడు కాస్త ముదురుదే తీసుకుంటాను. ఆ కోటుకు కార్డులోని మూడింటిలో ఏదీ నప్పలేదు, అన్నీ వెలిసిన బట్ట కన్నా పచ్చగా ఉన్నాయి. బూడిద ఛాయ కలిసిన మరో రెండు దారాలతో లోపలి మడత మీద మూడేసి సెంటీమీటర్లు కుట్టి, చేయి చాపినంత దూరం నుంచి చూశాను. పగటి వెలుతురులో రెండూ కలిసిపోయాయి. దీపం కింద ఒకటి గోధుమరంగుకు తిరిగింది. రెండోదానితోనే జేబు కుట్టాను.