రెట్టింపు వినాయకుడు ఎంత బరువు?

మా బాబాయి వాళ్ల పూజగదిలో ఆరంగుళాల ఇత్తడి వినాయకుడు ఉన్నాడు. కొత్త ఇల్లు కట్టుకున్నాక, పెద్ద గదిలో అది మరీ చిన్నగా కనపడుతోందని, అచ్చం అలాంటిదే ఒక అడుగు ఎత్తులో కొందామని నన్ను వెంటబెట్టుకుని షాపుకి బయల్దేరాడు. పాతది 1.2 కిలోలు. ఇత్తడి విగ్రహాలు కిలోల లెక్కన అమ్ముతారు కదా, ఆ రోజు కిలో 900 రూపాయలు చెప్పారు. బాబాయి దారిలోనే లెక్క కట్టేశాడు: ఎత్తు రెట్టింపు కాబట్టి బరువూ రెట్టింపు, అంటే 2.4 కిలోలు, 2,160 రూపాయలు. నేను ఊరుకోకుండా "కాదు బాబాయ్, ఎనిమిది రెట్లు అవుతుంది, 9.6 కిలోలు, 8,640 రూపాయలు" అన్నాను. "నీ చదువు తగలెయ్య, వినాయకుణ్ణి కొంటున్నామా, రథాన్ని కొంటున్నామా" అన్నాడు.

కాటా మీద పెడితే 5.1 కిలోలు తూగింది. 4,590 రూపాయలు. ఇద్దరమూ తప్పే.

నా ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్తాను. వినాయకుడి బొజ్జకీ తొండానికీ ఘనపరిమాణం కట్టే సూత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు, అసలు అవసరం కూడా లేదు. ఆ విగ్రహమంతా ఇసుక రేణువులంత చిన్న ఘనాలతో పేర్చారనుకోండి. విగ్రహాన్ని అన్ని వైపులా రెట్టింపు చేస్తే ప్రతి చిన్న ఘనమూ పొడవులో రెండింతలు, వెడల్పులో రెండింతలు, ఎత్తులో రెండింతలు అవుతుంది, అంటే ఒక్కోదాంట్లో పాత ఘనాలు ఎనిమిది పడతాయి. ఒక్కోటి ఎనిమిదింతలైతే మొత్తం విగ్రహమూ ఎనిమిదింతలే, తొండం ఎడమకి తిరిగిందా కుడికి తిరిగిందా అన్నదానితో పని లేదు. పైపొర సంగతి వేరు. దాని మీద బుల్లి బుల్లి చదరాలు గీసుకుంటే, అవి పొడవూ వెడల్పూ మాత్రమే పెరుగుతాయి, లోతు లేదు కాబట్టి ఒక్కోటి నాలుగింతలతో ఆగిపోతుంది. మూడు రెట్లు పెంచితే పైవైశాల్యం తొమ్మిది, ఘనపరిమాణం ఇరవయ్యేడు. ఎంత వంకర టింకర ఆకారమైనా ఇదే లెక్క.

బాబాయిని తప్పు పట్టడానికీ లేదు, కన్ను చూసేది ఎత్తునే. తిరుపతి లడ్డూల్లో మామూలుది సుమారు 175 గ్రాములు, కల్యాణోత్సవం లడ్డూ సుమారు 700. నాలుగింతలు బరువైనా పక్కపక్కన పెడితే పెద్దదాని అడ్డుకొలత చిన్నదానికి ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. 1.6ని మూడుసార్లు గుణించి చూడండి, నాలుగు దాటుతుంది.

సరే, మరి నా 9.6 ఎందుకు తప్పింది? షాపాయన మా మొహాలు చూసి నవ్వి, విగ్రహాన్ని తలకిందులు చేసి చూపించాడు. "లోపల డొల్ల సార్. పెద్దదానికీ చిన్నదానికీ రేకు మందం దాదాపు ఒకటే." అప్పుడు వెలిగింది. నేను అన్నీ రెట్టింపు అయ్యాయనుకున్నాను. పైకి చూస్తే చెవులు, దంతం, బొజ్జ, పీఠం అన్నీ రెట్టింపే, కానీ లోపల కనపడని ఒక్క కొలత, మందం, రెట్టింపు కాలేదు. అది కూడా రెట్టింపైతే డొల్ల విగ్రహమైనా ఎనిమిదింతలే తూగేది. మందం మారకపోతే లోహమంతా పైపొర మీద పరిచినట్టే కాబట్టి, బరువు వైశాల్యాన్ని బట్టి నాలుగింతలు, 4.8 కిలోలు రావాలి. 5.1 వచ్చిందంటే పెద్దదానికి మందం కొంచెం ఎక్కువ పోశారన్నమాట. పోత పోసేవాళ్లు మందం పెంచకపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. మందంగా పోసిన లోహం పైన ముందు గట్టిపడి, లోపల నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోతుంది, దాంతో లోపల గుంటలూ పగుళ్లూ పడే ప్రమాదం ఎక్కువ. అయినా చోళుల కాలం నాటి కంచు ఉత్సవ విగ్రహాలు లోపల డొల్ల లేకుండా ఘనంగా పోసినవే. మన భాషలో గట్టిగా నిండి ఉన్నదాన్నీ ఘనమే అంటాం, మూడుసార్లు గుణించినదాన్నీ ఘనమే అంటాం. ఈ లెక్కలో రెండూ ఒకేచోట కలిశాయి, విగ్రహం ఘనమైతేనే బరువు ఘనంలో పెరుగుతుంది (పోనీ, మందం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి).

ఇది తెలిశాక ఎక్కడ విగ్రహం కనపడినా లెక్క కట్టడం అలవాటైపోయింది. హైదరాబాద్ శివార్లలో ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన రామానుజాచార్యుల పెద్ద విగ్రహం కింద గర్భగుడిలో కూర్చున్న బంగారు మూర్తి ఒకటి ఉంది. ఎత్తు 54 అంగుళాలు, బంగారం 120 కిలోలు అని చెప్తారు. వినగానే 120 కిలోలు చాలా ఎక్కువ అనిపిస్తుంది. చూద్దాం. బాసింపట్టు వేసి కూర్చున్న మనిషి నేల నుంచి నడినెత్తి దాకా సుమారు 36 అంగుళాలు ఉంటాడు, 60 కిలోలు అనుకుందాం. మనిషి సాంద్రత నీటికి దగ్గరే, కాబట్టి 60 లీటర్లు. మూర్తి అంతకు ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నర ఘనం 3.4, కాబట్టి మూర్తి ఆక్రమించే చోటు 200 లీటర్ల చిల్లర. లీటరు బంగారం 19.3 కిలోలు, అంటే గట్టిగా నింపితే నాలుగు టన్నులకు దగ్గర! 120 కిలోల బంగారం ఆరు లీటర్ల పైచిలుకు మాత్రమే, చిన్న బిందెడు కూడా కాదు. కాబట్టి అది ఘనం కాదు, పొర అయి ఉండాలి. ఎంత మందం? మనిషి చర్మం సుమారు 1.7 చదరపు మీటర్లు, ఒకటిన్నర వర్గం 2.25తో గుణిస్తే 3.8. కూర్చున్నప్పుడు కొంత మూసుకుపోతుంది కాబట్టి మూడు తీసుకున్నాను. ఆరు లీటర్లని మూడు చదరపు మీటర్ల మీద పరిస్తే రెండు మిల్లీమీటర్లు. మూర్తి అచ్చం మనిషి ఆకారానికి సరూపం కాదు, 54 అంగుళాల్లో పీఠం కూడా కలిసి ఉంటే మందం ఇంకా పెరుగుతుంది, అందుకే ఆ రెండుని ఒకటీ నాలుగూ మధ్య ఏదో ఒకటి అనుకోండి. కానీ ఎంత సవరించినా 120 కాస్తా నాలుగు వేలు కాదు.

మా బాబాయి పెద్ద వినాయకుణ్ణి కొనుక్కొచ్చాడు. పండక్కి తోమేటప్పుడు పిన్నికి పాతదానికి సరిపోయే నిమ్మకాయంత చింతపండు చాల్లేదు. డొల్ల అయినా గట్టిదైనా తోమాల్సింది పైపొరే కదా, నాలుగు ఉండలు పట్టింది. "ఇది ముందే చెప్పొచ్చుగా" అంది నా వైపు చూసి.