గంజులో మిగిలిన మటన్ కూర

సిరోంచలో మే నెల దావత్ అనుకోండి. రాత్రి తొమ్మిదింటికి గంజులో మూడు కిలోల మటన్ కూర మిగిలింది. మూత పెట్టి పడుకుంటారు, పొద్దున వేడిచేసి తింటారు, సాయంత్రం మళ్లీ పొయ్యి మీద పెడతారు. "మరిగినంక ఏ పురుగైనా చస్తది" అన్నది ఇంటి ధీమా. అందులో సగమే నిజం.

క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా మట్టిలో, పశువుల పేగుల్లో ఉంటుంది. ఉడికితే చస్తుంది గానీ దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపాలు, మరిగే కూరలోనూ బతుకుతాయి. పైగా ఆ వేడే వాటిని నిద్ర లేపుతుంది. కూర 50 డిగ్రీలకు దిగితే పెరుగుదల మొదలు; 45 దగ్గర సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపు. గ్రాముకు పదే ఉన్నా, ఆ వేడిలో రెండు గంటలు గడిస్తే 40 వేలు, ఇంకో గంటకు 26 లక్షలు. గ్రాముకు పది లక్షల దాకా చేరిన కూర తింటే, సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. కూర వాసన మాత్రం మారకపోవచ్చు.

ఆ ఊళ్లో మే నెల వంటిల్లు రాత్రి పూట కూడా 30 డిగ్రీలకు పైనే ఉంటుంది. నిండు గంజు నడిమధ్య గంటల తరబడి ఆ ప్రమాదపు వేడిలోనే ఉండిపోతుంది.

పొద్దున అడుగు నుంచి కలుపుతూ పొగలు కక్కేలా, ముక్క లోపల 75 డిగ్రీలు దాటేలా కాస్తే పెరిగినవి చస్తాయి. స్పోర్లు మిగులుతాయి, మళ్లీ చల్లారేటప్పుడు మళ్లీ లేస్తాయి. గోరువెచ్చన చేయడమైతే వాటికి మేత వేయడమే. ఇక చేతుల నుంచి, గరిటె నుంచి స్టెఫైలోకాకస్ అనే మరో బాక్టీరియా చేరి విషం వదిలిందంటే, ఆ విషం మరిగించినా పోదు. అందుకే తినేంత మేరకే తీసి, ఒక్కసారే వేడిచేయాలి.

అసలు పని రాత్రే ఉంది. కూర రెండు గంటల్లో 60 నుంచి 21 డిగ్రీలకు, మరో నాలుగు గంటల్లో 5కు దిగాలి. వడ్డన అవగానే కూరను వెడల్పాటి స్టీలు పళ్లేల్లోకి, రెండంగుళాల మందం మించకుండా వంచండి. మందం సగమైతే చిక్కటి కూర చల్లారే సమయం దాదాపు పావు వంతుకు తగ్గుతుంది. పళ్లేన్ని ఐస్ వేసిన నీళ్ల టబ్బులో, బయట నీళ్లు కూర మట్టానికి వచ్చేలా పెట్టి, శుభ్రమైన గరిటెతో ఐదు నిమిషాలకోసారి కలపండి. కరిగిన ఐస్ స్థానంలో కొత్తది వేయండి. చేతికి చల్లగా తగిలాక చిన్న డబ్బాల్లో సర్ది, ఫ్రిజ్‌లో ఒకదానిపై ఒకటి పేర్చకుండా పెట్టండి. వేడి గంజునే అలాగే తోసేస్తే అది త్వరగా చల్లారదు, పక్కనున్న పాలు కూడా వెచ్చబడతాయి.

ఐస్ దొరకకపోతే రంజన్ నీళ్లు రెండుమూడుసార్లు మార్చినా కూర ఆ నీళ్ల చల్లదనం దాకానే దిగుతుంది, ఆ తర్వాత ఫ్రిజ్ తప్పదు. ఫ్రిజ్ లేకపోయినా, కరెంటు మీద నమ్మకం లేకపోయినా, ఆ మూడు కిలోలూ రాత్రే పక్కిళ్లకు పంచేయండి.