స్నేహితుడి వ్యాసాన్ని తిరగరాసి ఇస్తే: అపోహలు, వాస్తవాలు

స్నేహితుడి వ్యాసాన్ని ఏదో ఒక టూల్‌లో అప్‌లోడ్ చేసి, మాటలు మార్పించి, తన పేరుతో ఇచ్చే విద్యార్థులకు ధైర్యం ఇచ్చేవి కొన్ని నమ్మకాలే. వ్యాసాలు దిద్దేవాళ్ళుగా మాకు తెలిసినంతలో ఆ నమ్మకాలు ఎక్కడ తప్పుతాయో చెబుతున్నాం.

అపోహ: ప్రతి వాక్యం మారిపోయింది కాబట్టి ఇక అది నా వ్యాసమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రశ్న: "అచ్చుయంత్రం యూరప్‌లో చదువును ఎలా మార్చింది?" స్నేహితుడు రాసిన వాక్యం: "చేత్తో రాసే రోజుల్లో ఒక పుస్తకం తయారవడానికి నెలలు పట్టేది, అందుకే పుస్తకం డబ్బున్నవాళ్ళ ఇంటి వస్తువైంది." తిరగరాసింది: "గ్రంథాన్ని నకలు చేయడానికి మాసాలు అవసరమయ్యేవి. ఫలితంగా గ్రంథాలు సంపన్నులకే పరిమితమయ్యాయి." మాటలు దాదాపు అన్నీ మారాయి. కారణం, దాని ఫలితం, వాటిని కలిపిన తీరు మాత్రం అలాగే ఉన్నాయి. ఆలోచన స్నేహితుడిదే.

ఇలాంటి ఒక్క వాక్యంతో ఏమీ తేలదు, ఎందుకంటే ఈ మాట ఎవరైనా రాయగలరు. రెండు వ్యాసాల్లోనూ, అచ్చు సాయంతో తన మత సంస్కరణ భావాలను వ్యాపింపజేసిన మార్టిన్ లూథర్ ప్రస్తావన ఉన్నా అంతే. ఆ ప్రశ్నకు లూథర్ రాకపోతేనే ఆశ్చర్యం. మేము చూసేది అరుదైన పోలికలు. స్ట్రాస్‌బర్గ్‌లో 1605లో మొదలైన, తొలి అచ్చు వార్తాపత్రికగా చెప్పే పత్రిక రెండింటిలోనూ మూడో పేరాలోనే వచ్చిందా? కాగితం తయారీ గురించి రెండూ ఒక్క మాటైనా అనకుండా వదిలేశాయా? వాదన ఒకే వరుసలో నడిచి ఒకే చోట ఆగిందా?

వీటన్నిటికన్నా బలమైన ఆధారం తప్పు. గుటెన్‌బర్గ్ బైబిల్ అచ్చు 1455 ప్రాంతంలో పూర్తయింది. స్నేహితుడు పొరపాటున 1445 అని రాశాడనుకోండి. తిరగరాసేటప్పుడు మాటలు మారతాయి, అంకెలు చాలావరకు అలాగే దిగిపోతాయి. సరైన సంవత్సరం ఇద్దరికీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఒకే తప్పు సంవత్సరం ఇద్దరికీ విడివిడిగా రావడం అరుదు. పాత తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు ఏ ప్రతి ఏ ప్రతి నుంచి పుట్టిందో తేల్చేది కూడా ఉమ్మడి తప్పులతోనే. అయితే ఇద్దరూ చదివిన పుస్తకంలోనే 1445 అని ఉండొచ్చు. అందుకే ముందు ఆ పుస్తకం తెరిచి చూస్తాం. అక్కడ సరిగ్గానే ఉంటే అనుమానం బలపడుతుంది.

ఆధార గ్రంథాల పేజీ సంఖ్యలదీ ఇదే దారి. స్నేహితుడు పాత ముద్రణలోని పేజీ ఇచ్చి ఉంటే, ఆ సంఖ్య కొత్త వ్యాసంలోకీ వస్తుంది. గ్రంథాలయంలో ఉన్న ప్రతిలో ఆ పేజీలో వేరే విషయం కనిపిస్తుంది.

చివరికి విద్యార్థితో ఓ పది నిమిషాలు మాట్లాడతాం. "ఈ పత్రికనే ఎందుకు ఎంచుకున్నావు? దీన్ని తీసేస్తే నీ వాదన నిలుస్తుందా? మొదట రాసి తర్వాత కొట్టేసింది ఏమైనా ఉందా?" సొంతంగా రాసినవాళ్ళు తడబడినా ఏదో ఒకటి చెప్పగలుగుతారు. వాళ్ళ దగ్గర నోట్సో, చిత్తుప్రతో ఉంటుంది. ఇలా అడగకుండా నిర్ణయానికి రావడం మా దృష్టిలో అన్యాయం.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో పోలిక శాతం తక్కువ వస్తే గండం గడిచినట్టే.

ఆ శాతం చెప్పేది ఒక్కటే: వ్యాసంలో ఎంత భాగం మరోచోటి పాఠంతో కలిసిందని. కాపీ కొట్టారా లేదా అన్న తీర్పు అందులో లేదు. ఉల్లేఖనలు, గ్రంథసూచి ఎక్కువుంటే నిజాయితీగా రాసిన వ్యాసానికీ పెద్ద శాతం రావచ్చు. ఆలోచన మొత్తం ఎత్తుకొచ్చిన వ్యాసానికి అయిదు శాతమే రావచ్చు. ఒకే తరగతి వ్యాసాలు ఒకే మనిషి దిద్దుతున్నప్పుడు, పోలికను ముందు పట్టేది చాలాసార్లు చదివే కన్నే.

అపోహ: వాడే ఇచ్చాడు, వాడికి అభ్యంతరం లేదు.

స్నేహితుడి అనుమతి స్నేహితుడికి సంబంధించింది. దిద్దేవారికి మీరు చెబుతున్న మాట "ఇది నేను రాశాను" అని. ఆ మాట అబద్ధం కాకుండా చేసే శక్తి అతని అనుమతికి లేదు. పైగా చాలా విద్యాసంస్థల నియమాల్లో, తెలిసి వ్యాసం ఇచ్చినవారిదీ తప్పే. రెండు వ్యాసాలు పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరు ఎవరిది చూశారో వెంటనే తేలదు కాబట్టి, అసలు రాసినవాడే ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. సాయం చేద్దామని ఇచ్చినవాడికి ఇది చాలా బాధాకరమైన పరిస్థితి.

అపోహ: అయితే స్నేహితుడి వ్యాసం అసలు చూడనే కూడదు.

మీ ఉపాధ్యాయులు వద్దనకపోతే చూడొచ్చు. చదివి, మూసేయండి. అందులో పేర్కొన్న పుస్తకాల పేర్లు మాత్రం రాసుకుని, వాటిని మీరే తెరిచి చదవండి. మరుసటి రోజు, ఆ వ్యాసం ఎదురుగా లేకుండా, ప్రశ్నకు మీ జవాబు రెండు వాక్యాల్లో రాయండి. అది కుదరకపోతే ఇంకా చదవాల్సి ఉందన్నమాట. కుదిరితే దాని చుట్టూ మీ పేరాలు కట్టండి. స్నేహితుడి ఆలోచన ఏదైనా నిజంగా నచ్చి వాడుకుంటే, అక్కడే అతని పేరు చెప్పండి. అలా పేరు చెప్పి వాడుకున్న ఆలోచనను ఎవరూ దొంగతనం అనరు.