నల్ల బండి, తెల్ల బండి, మధ్యలో అద్దం: కారు ఏసీపై అపోహలు - వాస్తవాలు

మే మొదటి వారంలో చెన్నైలో అగ్ని నక్షత్రం మొదలవుతుంది. మన కృత్తిక కార్తె ఎండలు కూడా ఆ రోజుల్లోనే. ఆ మూడు నాలుగు వారాలు మా ఏసీ షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనే మాట ఒకటే: "కూలింగ్ రావట్లేదు, గ్యాస్ చూడండి." చాలా బళ్లలో గ్యాస్ సరిగ్గానే ఉంటుంది. ఎండ ఎక్కడి నుంచి లోపలికి వస్తోందో, వచ్చిన వేడి ఎక్కడ దాక్కుంటోందో తెలియక అనవసరంగా డబ్బు పెడుతుంటారు. పోయిన వేసవిలో రెండు బళ్లను పక్కపక్కన పెట్టి కొలిచాను. ఆ కొలతలతోనే మొదలుపెడతాను.

అపోహ: నల్ల కారు కొంటే ఏసీ పనిచేయదు, తెల్లది కొంటే చల్లగా ఉంటుంది

చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీది ఆఫీసులో ఉద్యోగం చేసే ఒక నెల్లూరు తమ్ముడు, అతని బావ ఒకే మోడల్ కారు ఒకే ఏడాది కొన్నారు. ఇతనిది నలుపు, బావది తెలుపు. "సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరితే ఇల్లు చేరేదాకా చల్లబడదన్నా. బావ బండిలో పది నిమిషాలకే హాయిగా ఉంటుంది. నల్లది వద్దంటే విన్లేదని అక్క రోజూ అంటోంది. అమ్మేద్దామా అనిపిస్తోంది" అన్నాడు. "అమ్మే ముందు ఆదివారం రెండు బళ్లూ తీసుకురా తమ్ముడూ, కొలిచి చూద్దాం" అన్నాను.

షెడ్డు పక్కన ఖాళీ స్థలంలో రెండింటినీ ఒకే దిక్కుకు పెట్టి, అద్దాలు మూసి, పదకొండు గంటల నుంచి ఒంటి గంట దాకా ఎండలో వదిలేశాం. నీడలో బయటి గాలి 37 డిగ్రీలు. ఒంటి గంటకు నల్ల బండి టాప్ మీద 79 డిగ్రీలు, తెల్లదాని టాప్ మీద 54. పాతిక డిగ్రీల తేడా. ఇది చూసి తమ్ముడి ముఖం వాడిపోయింది. కానీ ముందు సీట్ల మధ్య, ఎండ తగలకుండా తల ఎత్తులో వేలాడదీసిన థర్మామీటర్లు వేరే మాట చెప్పాయి. నల్లదాంట్లో గాలి 60, తెల్లదాంట్లో 55. ఇక డాష్‌బోర్డు పైభాగం నల్లదాంట్లో 81, తెల్లదాంట్లో 79. అక్కడ దాదాపు తేడాయే లేదు.

2011లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ వాళ్లు ఒక నల్ల కారు, ఒక వెండి రంగు కారు పక్కపక్కన ఎండలో పెట్టి కొలిచినప్పుడూ ఇలాగే వచ్చింది. టాప్‌లో పాతిక డిగ్రీల దాకా తేడా, లోపలి గాలిలో ఐదారు డిగ్రీల తేడా. అంటే రంగుకు ప్రభావం ఉన్న మాట నిజమే, కానీ జనం అనుకునేంత లేదు.

టాప్ మీది వేడి లోపలికి రావాలంటే రేకు, దాని కింద లైనింగ్, ఇవన్నీ దాటాలి. అద్దంలోంచి వచ్చే ఎండకు ఆ అడ్డు లేదు. నేరుగా వచ్చి డాష్‌బోర్డు మీద, సీట్ల మీద పడుతుంది. రెండు బళ్ల అద్దాలూ ఒకటే, డాష్‌బోర్డులు రెండూ నల్లవే. అందుకే ఆ 81, 79. పైగా బండి కదిలితే టాప్‌ను గాలి చల్లారుస్తుంది, రంగు తేడా ఇంకా తగ్గిపోతుంది. అద్దంలోంచి పడే ఎండ మాత్రం బండి ఎంత వేగంగా వెళ్లినా తగ్గదు.

లెక్క కావాలంటే చిన్న లెక్క. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. మామూలు లేత ఆకుపచ్చ కారు అద్దం అందులో సగమో, కాస్త ఎక్కువో లోపలికి వదులుతుంది. ముందు అద్దం, వెనక అద్దం, ఎండ తగిలే పక్క అద్దాలు కలుపుకుంటే, లోపల ఒక ఇస్త్రీపెట్టె ఆపకుండా వెలుగుతున్నట్టే. గాజుకప్పు ఉన్న బండైతే, దాని కింది తెర మూయకపోతే, ఇంకో అరపెట్టె వేసుకోవాలి.

మరి బావ బండి పది నిమిషాలకే ఎందుకు చల్లబడేది? అడిగితే తేలింది. బావ ఆఫీసులో పార్కింగ్ బేస్‌మెంట్‌లో. తమ్ముడి బండి మధ్యాహ్నమంతా ఆరుబయట, అదీ ముఖం పడమటికి పెట్టుకుని. రంగు మీద పడిన నింద నిజానికి పార్కింగ్‌ది.

ఇక్కడ చెన్నైవాళ్లకు ఒక సంగతి. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మనకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదో, కాస్త ఉత్తరానికో ఉంటాడు. పన్నెండు గంటలకు బండి ఏ దిక్కుకు పెట్టినా వాలుగా ఉండే ముందు అద్దం మీద ఎండ పడుతుంది. రెండు దాటాక మాత్రం దిక్కుకు విలువ వస్తుంది. సాయంత్రం తీసేవాళ్లు ముఖం తూర్పుకు పెడితే డాష్‌బోర్డు, స్టీరింగ్ ఆ పడమటెండ నుంచి తప్పించుకుంటాయి.

మరుసటి ఆదివారం నల్ల బండినే మళ్లీ అక్కడే పెట్టాం. ఈసారి ముందు అద్దం లోపల వెండి రంగు మడత సన్‌షేడ్ అంచుల దాకా సరిపోయేలా పెట్టాం. బయట 37 డిగ్రీలే. డాష్‌బోర్డు 81 నుంచి 59కి దిగింది. గాలి 60 నుంచి 55కి. తెల్ల రంగు ఎంత మేలు చేసిందో, ఆ అట్ట కూడా అంత మేలు చేసింది.

కొలిచేవాళ్లకు ఒక జాగ్రత్త. లేజరు చుక్క పడే థర్మామీటరు గన్‌తో అద్దం మీద గురిపెడితే అది అద్దం వేడినే చూపిస్తుంది, వెనక ఉన్న సీటుది కాదు. మెరిసే క్రోమ్ పట్టీ మీద పెడితే ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది.

అపోహ: అద్దాల ఫిల్ము ఎంత నల్లగా ఉంటే అంత చల్లన

ఎండలో మనకు కనిపించే వెలుగు సగానికంటే తక్కువ. సగానికి పైగా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. నలుపు అనేది కంటికి కనిపించే వెలుగును ఆపే సంగతి మాత్రమే. చవక రంగు ఫిల్ము వెలుగును తాను పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ అద్దం మళ్లీ లోపలికి సెగ కొడుతుంది. అద్దానికి దగ్గరగా కూర్చుంటే భుజానికి తెలుస్తుంది. మంచి సిరామిక్ ఫిల్ము దాదాపు రంగు లేనట్టు కనిపిస్తూనే ఇన్‌ఫ్రారెడ్‌లో చాలా భాగం ఆపుతుంది.

షాపులో ఎర్ర బల్బు ముందు చెయ్యి పెట్టించి "చూడండి, సెగే తగల్లేదు" అంటారు. ఆ బల్బు ఇచ్చేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్డే, ఎండలో వెలుగు కూడా ఉంటుంది. 97 శాతం ఇన్‌ఫ్రారెడ్ ఆపుతుంది అని రాసినా, చాలాసార్లు అది ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న భాగానికి మాత్రమే కొలిచిన అంకె. మీరు అడగాల్సింది టి.ఎస్.ఇ.ఆర్, అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత ఆపుతుందనే శాతం. 70 శాతం వెలుగు వదిలే ఫిల్ముకు అది 50 శాతం చుట్టుపక్కల ఉంటే చాలా మంచిది. అదే ఫిల్ముకు 80 అని ఎవరైనా చెబితే నమ్మకండి. వెలుగు కూడా శక్తే, దాన్ని లోపలికి వదిలాక అంత ఆపడం కుదరదు.

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగు వదలాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు అతికించడాన్ని నిషేధించింది. తర్వాత నిబంధన మారింది. ఈ కొలతలు దాటని ఫిల్ము తప్పు కాదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. ఈ శాతం అద్దం, ఫిల్ము రెండూ కలిపి కొలిచేది. కంపెనీ అద్దమే కొంత వెలుగు ఆపుతుంది కాబట్టి ముందు అద్దానికి చాలా తేలిక ఫిల్ము మాత్రమే సరిపోతుంది.

అపోహ: అద్దం వేలెడు దించి పెడితే లోపల వేడెక్కదు

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2005లో ప్రచురించిన పరీక్షలో మూసి ఉన్న కారు లోపల ఒక గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా రాలేదు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా, అద్దం దించే ఉంది కదా" అని పిల్లల్ని బండిలో వదలకండి. ఒక్కసారి కూడా వద్దు.

అపోహ: ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ ఫుల్ పెడితే త్వరగా చల్లబడుతుంది. చల్లబడకపోతే గ్యాస్ అయిపోయినట్టే

కారు లోపలి గాలి మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చిన్న కారు ఏసీ కూడా బండి నడుస్తుంటే సుమారు ఒక టన్ను పనిచేస్తుంది. కేవలం ఆ గాలినే 60 నుంచి 25కి దించాలంటే అర నిమిషం చాలు. మరి పావుగంట ఎందుకు పడుతోంది? వేడి ఉన్నది గాలిలో కాదు. డాష్‌బోర్డు, సీట్లు, డోరు ప్యాడ్లు ఇవన్నీ కలిపి పదుల కిలోలు. నాలుగు తలుపులూ తెరిచి గాలంతా మార్చేయండి, మళ్లీ మూసి ఏసీ వేయకుండా కూర్చోండి. కొద్ది నిమిషాల్లో మళ్లీ ఉడుకుతుంది. ఏసీ నిజంగా చల్లార్చాల్సింది ఈ సామానునే.

అందుకే మొదటి రెండు నిమిషాలు అద్దాలు దించి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి నడపండి. లోపలి గాలి 60, బయటిది 37. ఉడికిన గాలిని ఏసీతో చల్లార్చే బదులు బయటికి తోసేయడం తేలిక. తర్వాత అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. తమ్ముడు "ఫ్రెష్ ఎయిర్ మంచిది కదన్నా" అని ఆ బటన్ ఎప్పుడూ వాడేవాడు కాదు. చల్లబడిన లోపలి గాలికి బదులు 37 డిగ్రీల తేమ గాలిని, అదీ చెన్నై సముద్రపు తేమను, ఏసీ క్షణక్షణం మొదటి నుంచి చల్లార్చాల్సి వచ్చేది. దూర ప్రయాణంలో మధ్యమధ్య కొన్ని నిమిషాలు బయటి గాలి తీసుకుంటే మగత రాదు.

గ్యాస్ సంగతి తేల్చడానికి మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటరు పెట్టి, లోపలి గాలి బటన్ వేసి, పదిహేను నిమిషాలు రోడ్డు మీద నడిపించాను. నల్లదాంట్లో 8, తెల్లదాంట్లో 8. వెంట్ ఇంత చల్లగా ఉండి కూడా ఒళ్లు మండుతోందంటే గ్యాస్‌ది తప్పు కాదు. అద్దంలోంచి ఎండ నేరుగా ఒంటి మీద పడుతోంది.

నల్ల బండిని మధ్య కైలాష్ సిగ్నల్లో ఆపితే మాత్రం రెండు నిమిషాల్లో వెంట్ 8 నుంచి 17కి ఎక్కింది. తెల్లది 12 దగ్గర ఆగింది. ఆగి ఉన్నప్పుడు కంప్రెసర్ నెమ్మదిస్తుంది, ఎదురుగాలి ఉండదు, కాబట్టి కొంత పెరగడం మామూలే. కానీ 17 ఎక్కువ. నడుస్తుంటే బాగుండి ఆగితే చల్లదనం తగ్గే బండికి మొదట చూడాల్సింది ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, అంటే కండెన్సర్, దాని ఫ్యాను. ఫ్యాను బాగానే తిరుగుతోంది. కండెన్సర్ రెక్కల్లో ఓఎంఆర్ దుమ్ము, పురుగులు గట్టిగా పట్టేశాయి. ఇలాంటి బండికి "ఇంకాస్త గ్యాస్" ఎక్కిస్తే హై ప్రెజర్ ఇంకా పెరిగి, కూలింగ్ తగ్గి, కంప్రెసర్ మీద భారం పడుతుంది. మెల్లటి నీటి ధారతో లోపలి వైపు నుంచి కడిగాం. ఎక్కువ ప్రెజర్ గన్ వాడితే రెక్కలు మడతపడతాయి. కడిగాక అదే సిగ్నల్లో వెంట్ 12 దాటలేదు. గ్యాస్ ముట్టుకోకుండానే బండి పంపించాను.